నెత్తి మీద బోర్డులో S6 అని ఉన్నంత మాత్రాన

పెద్ద స్టేషన్‌లో బండి ఎక్కాలంటే రెండు సంగతులు తెలియాలి. ఏ ప్లాట్‌ఫారం అన్నది ఒకటి, ఆ ప్లాట్‌ఫారం మీద ఎక్కడ నిలబడాలన్నది రెండోది. మొదటిదాని కోసం అందరూ బాగానే హైరానా పడతారు. బోర్డులు చూస్తారు, ఫోన్ తీస్తారు, కూలీని అడుగుతారు, పక్కనున్న కుటుంబాన్ని అడుగుతారు. రెండోదాన్ని మాత్రం నెత్తి మీద వేలాడే చిన్న ఎర్ర అక్షరాల బోర్డుకి వదిలేసి, సామాను కింద పెట్టుకుని నిశ్చింతగా కూర్చుంటారు. నన్నడిగితే కంగారు అక్కడ తగ్గించి ఇక్కడ పెంచాలి.

కారణం సులువైనదే. ప్లాట్‌ఫారం నంబరు తప్పయితే ఆ తప్పు దాగదు. కొత్త నంబరు మైకులో పదేపదే చెబుతారు, బోర్డు మీద మారుతుంది, వందలమంది ఒక్కసారిగా లేచి మెట్ల వైపు నడుస్తారు. చెవులు మూసుకుని కూర్చున్నవాడికి కూడా తెలిసిపోతుంది. కోచ్ వరుస తప్పయితే మాత్రం ఎవరూ చెప్పరు. బండి వచ్చి మన ముందు నుంచి జారుతున్నప్పుడు, స్లీపర్ రావలసిన చోట అద్దాలు బిగించిన ఏసీ బోగీ కనిపించినప్పుడు తెలుస్తుంది. అప్పటికి మన చేతిలో ఉండేది ఆ స్టేషన్‌లో బండి ఆగే సమయం మాత్రమే.

ముందు మొదటి సంగతి కొంత క్లుప్తంగా చూద్దాం. ప్రవేశద్వారం దగ్గర ఉండే పెద్ద బోర్డులో ఒక్కో వరుసలో బండి నంబరు, పేరు, సమయం, A లేదా D అనే అక్షరం, చివర్న ప్లాట్‌ఫారం నంబరు ఉంటాయి. A అంటే రాక, D అంటే పోక. అదే వరుస తెలుగులో, హిందీలో, ఇంగ్లీషులో మారుతూ ఉంటుంది కాబట్టి మన బండి కనిపించలేదని వెంటనే కదిలిపోకూడదు, పూర్తి చుట్టు తిరిగేదాకా ఆగాలి. వెతకాల్సింది పేరు కాదు, నంబరు. గోదావరి ఎక్స్‌ప్రెస్ అనే పేరు విశాఖపట్నం నుంచి హైదరాబాద్ వచ్చే 12727కీ ఉంది, హైదరాబాద్ నుంచి విశాఖ వెళ్ళే 12728కీ ఉంది. రెండూ ఆలస్యమై ఒకే బోర్డులో కనిపిస్తే తేడా చివరి అంకెలోనే. పండగ రోజుల్లో ఒకే ఊరి పేరుతో స్పెషళ్ళు కూడా కలిస్తే పేరు ఇంకా పనికిరాదు. సున్నాతో మొదలయ్యే నంబరు స్పెషల్ బండిది, ఆ ఒక్క అంకె గుర్తుంటే చాలా గందరగోళం తప్పుతుంది.

ఇది చిన్న విషయమేమీ కాదు. 2025 ఫిబ్రవరి 15 రాత్రి న్యూఢిల్లీ స్టేషన్ తొక్కిసలాటలో 18 మంది చనిపోయారు. ప్రయాగ్‌రాజ్ అనే పేరుతో మొదలయ్యే రెండు బళ్ళ అనౌన్స్‌మెంట్ల మధ్య జనం తికమకపడ్డారని పోలీసులు చెప్పారు. మెట్ల మీద ఒకరి నెత్తి మీది మూట జారిపడటం వల్ల మొదలైందని రైల్వే మంత్రి పార్లమెంటుకు చెప్పారు. ఏది మొదటి కారణమైనా, మెట్ల మీద పరుగు ఎంత ప్రమాదమో దాన్నిబట్టి తెలుస్తుంది. ప్లాట్‌ఫారం మారిందని విన్న వెంటనే పరుగెత్తకుండా, నంబరు మళ్ళీ ఒకసారి విని నడవడం మంచిది. ఆ మారిన ప్లాట్‌ఫారానికి బండి ఇంకా రావాల్సే ఉంటుంది.

అనౌన్స్‌మెంట్ వినడానికి ఒక పద్ధతి ఉంది. ముందే రికార్డు చేసిన ముక్కలను కంప్యూటర్ అతికించి వినిపిస్తుంది. అందుకే బండి నంబరు ఒక్కో అంకెగా వస్తుంది, ఊరి పేర్ల మధ్య గొంతు కొద్దిగా తెగుతుంది. వాక్యం మొదట్లో నంబరు, మధ్యలో పేరూ ఊళ్ళూ, చివర్న ప్లాట్‌ఫారం. మధ్యభాగం గోలలో కలిసిపోయినా నష్టం లేదు. మన బండి నంబరులో చివరి మూడంకెలు గుర్తుపెట్టుకుని, అవి వినపడగానే చెవిని వాక్యం చివరి దాకా నిలబెడితే చాలు. తెలుగులో తప్పిపోతే వెనకాలే హిందీ, ఇంగ్లీషు వస్తాయి, కాబట్టి ఒకే ప్రకటనను వినడానికి మూడు అవకాశాలున్నట్టే.

చివరి మాటను కూడా పట్టించుకోవాలి. బండి రాగలదు, రానున్నది అనేది ఒక అంచనా. వచ్చుచున్నది అన్నారంటే బండి దగ్గరికి వచ్చేసింది. బయలుదేరుటకు సిద్ధంగా ఉన్నది అంటే ఇక ఎక్కేయాలి. అంచనా దశలో చెప్పిన ప్లాట్‌ఫారం మారడానికి వీలుంది. బండిని ఏ లైనులోకి తీసుకోవాలన్నది స్టేషన్ మాస్టర్ దాని ముందున్న సిగ్నల్ ఇచ్చే వేళకే ఖాయమవుతుంది. అంతకు ముందు ఆ ప్లాట్‌ఫారం మీదున్న బండి కదలకపోవచ్చు, వెనకాల వచ్చే మరో బండికి ఆ లైను అవసరం కావచ్చు. ఇరవైరెండు కోచ్‌ల బండిని పొట్టి ప్లాట్‌ఫారానికి పంపలేరు, ప్రతి లైను నుంచీ ప్రతి ప్లాట్‌ఫారానికీ దారి కూడా ఉండదు. ఈ లెక్కల మధ్య ఆఖరి నిమిషం మార్పులు పుడతాయి. ఫోన్లో యాప్ చూపించే నంబరు చాలాసార్లు ఆ బండి మామూలుగా వచ్చే ప్లాట్‌ఫారమే. యాప్, బోర్డు, మైకు మూడూ మూడు మాటలు చెబితే నేను మైకులో వచ్చిన ఆఖరి మాటనే నమ్మమంటాను.

ఇక అసలు విషయం, కోచ్ బోర్డులు.

ప్లాట్‌ఫారం అంచు పొడుగునా, సుమారు ఒక్కో కోచ్ పొడవుకి ఒకటి చొప్పున, చిన్న ఎలక్ట్రానిక్ బోర్డులు వేలాడుతుంటాయి. ఒక్కో బోర్డు బండి నంబరు కాసేపు, కోచ్ గుర్తు కాసేపు మార్చి మార్చి చూపిస్తుంది. 12728, తర్వాత S6, మళ్ళీ 12728. చాలామంది S6 చూసి ఆగిపోతారు, నంబరు చూడరు. మొదటి పొరపాటు ఇదే. ముందు బండి వెళ్ళిపోయాక కూడా దాని వరుసే కాసేపు బోర్డుల మీద మిగిలి ఉండవచ్చు. S6 అన్న గుర్తు రోజుకి ఎన్నో బళ్ళలో ఉంటుంది కాబట్టి నంబరు కలవకపోతే ఆ S6 మనది కాదు.

రెండో పొరపాటు ప్లాట్‌ఫారం రెండు అంచుల మధ్య. పెద్ద స్టేషన్లలో 2, 3 ప్లాట్‌ఫారాలు ఒకే దిబ్బకు రెండు వైపులు. ఈ అంచుకి ఒక బోర్డుల వరుస, ఆ అంచుకి ఇంకో వరుస. మెట్లు దిగి మధ్యలో నిలబడి తల ఎత్తితే రెండు వరుసలూ కనిపిస్తాయి. మనకు కావాల్సినది మన అంచు పైన ఉన్నదే. ఇక్కడా నంబరు చూస్తే ఇబ్బంది లేదు.

మూడోదే ప్రమాదకరమైనది, నంబరు చూసినా దొరకనిది. ఈ బోర్డుల్లో వరుస దానంతట అది పుట్టదు. ఆ బండికి ఇంజన్ నుంచి లెక్కిస్తే ఏ కోచ్ ఎన్నోది అన్న జాబితాను స్టేషన్‌లోని కంప్యూటర్ నుంచి బోర్డులకు పంపుతారు. వచ్చే బండిని చూసి చదివే సెన్సార్ మామూలుగా అక్కడ ఉండదు. కాబట్టి జాబితా పాతదైనా, బండి తిరగబడి వచ్చినా బోర్డులు అంతే ధీమాగా తప్పు చూపిస్తాయి. ఒకటో రెండో కోచ్‌లు అదనంగా తగిలించినప్పుడు వచ్చే తేడా చిన్నది, నాలుగడుగులు వేస్తే సరిపోతుంది. బండి మొత్తం తిరగబడినప్పుడు వచ్చే తేడా మాత్రం మన కోచ్ బండి మధ్యకు ఎంత దూరంలో ఉందన్నదాన్ని బట్టి చాలా పెద్దది కావచ్చు.

దాన్ని లెక్కతో చూద్దాం. లెక్క కోసం ఒక బండిని ఊహించుకుందాం, కోచ్‌లు ఇరవైరెండు. ఇంజన్ వెనక వరుసగా ఒక గార్డు-లగేజీ పెట్టె, రెండు జనరల్ బోగీలు, తర్వాత S1 నుంచి S7 దాకా స్లీపర్లు, ఒక పాంట్రీ, B1 నుంచి B6 దాకా త్రీ టైర్ ఏసీ, టూ టైర్ ఏసీ A1, A2, ఆపైన ఫస్ట్ ఏసీ H1, ఒక జనరల్, చివర్న మరో గార్డు పెట్టె. ఇప్పటి ఎల్‌హెచ్‌బీ కోచ్ ఒక్కోటి సుమారు 24 మీటర్లు. అంటే ఇంజన్ కాకుండానే బండి పొడవు అర కిలోమీటరు దాటుతుంది.

ఈ వరుసలో S6 తొమ్మిదోది. బండి తిరగబడితే ఎన్నోదవుతుందో తెలియడానికి మొత్తం కోచ్‌ల సంఖ్యకు ఒకటి కలిపి, మన స్థానాన్ని తీసేయాలి. 23లోంచి 9 పోతే 14. ఐదు కోచ్‌ల దూరం, అంటే 120 మీటర్లు. సామానుతో సెకనుకు ఒక మీటరు నడిచినా రెండు నిమిషాలు. బండి ఐదు నిమిషాలు ఆగితే ఇబ్బంది లేదు, రెండు నిమిషాలే ఆగితే అతికష్టం మీద అందుతుంది.

అదే A2 లెక్క చూడండి. అది 19వది. తిరగబడితే నాలుగోది. పదిహేను కోచ్‌ల తేడా, 360 మీటర్లు, అదే నడకతో ఆరు నిమిషాలు. మరోపక్క B1ది పన్నెండో స్థానం. తిరగబడితే పదకొండు, ఒక్క కోచ్ తేడా. ఒకే బండిలో, ఒకే తప్పు జరిగినప్పుడు B1 వాడు పక్కకి జరిగి ఎక్కేస్తాడు, A2 వాడికి మాత్రం బండి దక్కకపోవచ్చు. కాబట్టి టికెట్ చేతికి రాగానే చూడాల్సింది మన కోచ్ బండి మధ్యకు ఎంత దగ్గర అన్నది. మధ్యలో ఉంటే బోర్డును మామూలుగా నమ్మొచ్చు. ఏదో ఒక కొసకు దగ్గరైతే రెండో మాట కూడా తెలుసుకుని నిలబడాలి. కొన్ని జాబితాల్లో ఇంజన్‌ని కూడా ఒకటిగా లెక్కిస్తారు, లెక్క వేసేటప్పుడు దాన్ని తీసేయాలి.

బండి ఎందుకు తిరగబడుతుంది? అన్నిసార్లూ ఎవరి తప్పూ కాదు. కొన్ని స్టేషన్లలో బళ్ళు వచ్చిన వైపు నుంచే వెనక్కి బయలుదేరతాయి, ఇంజన్ ఒక చివర తీసి రెండో చివర తగిలిస్తారు. మనకు బాగా తెలిసిన ఉదాహరణ విశాఖపట్నం. విజయవాడ వైపు నుంచి హౌరా వైపు పోయే కోరమండల్, ఈస్ట్ కోస్ట్ లాంటి బళ్ళు విశాఖ స్టేషన్లోకి వెళ్తే అక్కడ ఇంజన్ చివర మారుతుంది. అంటే విజయవాడలో ఇంజన్ వెనక మొదట ఉన్న బోగీ విజయనగరంలో ఆఖరున ఉంటుంది. విజయవాడలో ఎక్కేవాళ్ళు, విజయనగరంలో ఎక్కేవాళ్ళు ఒకే బండికి రెండు వేర్వేరు వరుసలు గుర్తుపెట్టుకోవాలి. రైల్వే వారి NTES యాప్‌లోనో మరో యాప్‌లోనో కోచ్ వరుస చూసినప్పుడు అది బండి మొదలయ్యే స్టేషన్‌దా, మనం ఎక్కే స్టేషన్‌దా అని చూసుకోవాల్సింది ఇందుకే. ఆ మధ్యలో ఒక తిరుగుడు ఉంటే వరుసను తలకిందులు చేసుకోవాలి, రెండు తిరుగుళ్ళుంటే మళ్ళీ మొదటిదే.

దీని నుంచే ఇంకో చిక్కు వస్తుంది. లైను మీద పని వల్లనో, మరో కారణానికో ఆ బండిని విశాఖ స్టేషన్లోకి తీసుకెళ్ళకుండా దువ్వాడ మీదుగా బైపాస్‌లో పంపారనుకుందాం. ఇంజన్ మారదు. రోజూ జరిగే తిరుగుడు ఆరోజు జరగలేదు కాబట్టి ఆ తర్వాతి స్టేషన్లన్నిటికీ బండి రోజూ వచ్చే వరుసకు వ్యతిరేకంగా వస్తుంది. ఆ సంగతి పై స్టేషన్‌లోని బోర్డులకు చెప్పి, జాబితా మార్చాల్సింది మనుషులే. వాళ్ళకు ఆ కబురు సమయానికి అందకపోతే బోర్డులు మామూలు వరుసే చూపిస్తాయి. దారి మళ్ళించిన బండి అని తెలిసిన రోజున కోచ్ బోర్డు మీద నమ్మకం సగానికి తగ్గించుకోవాలి. ఇది నా లెక్క, రైల్వే వారిది కాదు.

మన స్టేషన్‌లోనే బండి మొదలైతే ఈ తంటాలేవీ లేవు. బండిని ముందే ప్లాట్‌ఫారం మీద పెడతారు, సమయం ఉంటుంది, బోగీని స్వయంగా చదివి ఎక్కవచ్చు. అక్కడ ఒక చిన్న జాగ్రత్త చాలు. బోగీ పక్కన పెద్దగా రాసిన ఐదారు అంకెల సంఖ్య మన కోచ్ నంబరు కాదు. అది ఆ పెట్టె సొంత నంబరు, మొదటి రెండంకెలు తయారైన సంవత్సరాన్ని చెబుతాయి. మనకు కావాల్సింది తలుపు పక్కన చిన్న పలక మీదో, ఎలక్ట్రానిక్ పట్టీ మీదో ఉండే S6 లాంటి గుర్తు. ఆ పట్టీ వెలగకపోతే పక్క బోగీ చూసి లెక్క కట్టుకోవాలి.

బండి మధ్యలో ఆగే పెద్ద స్టేషన్‌లో చేయాల్సిన పని వేరు. ముందు పెద్ద బోర్డులో నంబరుతో ప్లాట్‌ఫారం ఖాయం చేసుకోవాలి. తర్వాత మెట్లు ఎక్కేముందే ఏ ఫుట్ ఓవర్ బ్రిడ్జి మీదుగా దిగితే మన కోచ్ దగ్గరవుతుందో ఆలోచించాలి. పెద్ద స్టేషన్లలో రెండు మూడు వంతెనలుంటాయి, తప్పు వంతెన దిగితే అర కిలోమీటరు ప్లాట్‌ఫారం మీద జనాన్ని తోసుకుంటూ నడవాలి. సికింద్రాబాద్ లాంటి చోట ఒకటో ప్లాట్‌ఫారం వైపు నుంచీ పదో ప్లాట్‌ఫారం వైపు నుంచీ రెండు ప్రవేశాలున్నాయి, ఆటో ఎక్కేటప్పుడే ఏ వైపుకి అని చెప్పడం మంచిది.

ప్లాట్‌ఫారం మీదకి దిగాక మన కోచ్ బోర్డు ఒక్కటి చూసి ఊరుకోకూడదు. అటూ ఇటూ రెండేసి బోర్డులు చదవాలి. S5, S6, S7 అని వరుసగా ఉంటే ఏ వైపు అంకెలు తగ్గుతున్నాయో చూడాలి. మన ఊహా బండిలో S1 వైపు ఇంజన్ ఉండాలి. ఇప్పుడు అడగాల్సిన ప్రశ్న ఒకటే: బండి ఏ వైపు నుంచి వస్తుంది? అది తెలియడం కష్టం కాదు. ఏ ఊరు నుంచి వస్తోందో తెలుసు, ఆ ఊరు స్టేషన్‌కి ఏ దిక్కో పక్కనున్న వెండర్‌కి తెలుసు. బండి ఎడమ నుంచి వచ్చి కుడికి పోయేదైతే ఇంజన్ కుడి చివర ఆగుతుంది. S1 బోర్డు కూడా కుడి వైపే ఉంటే బోర్డూ, యాప్‌లోని వరుసా ఒకటే మాట చెబుతున్నట్టు. S1 ఎడమ వైపు ఉంటే రెండింట్లో ఒకటి తప్పు. అప్పుడు ప్లాట్‌ఫారం మీద కనిపించే రైల్వే సిబ్బందిని అడగాలి, దొరక్కపోతే ఇద్దరు ముగ్గురు రోజువారీ ప్రయాణికులను అడగాలి.

నాకు ఇక్కడే కాస్త విసుగు. ప్రతి కోచ్‌కీ ఒక బోర్డు పెట్టిన వ్యవస్థ, ఇంజన్ ఏ చివర ఉంటుందో ఆ రెండు కొసల్లో ఒక్క బాణం గుర్తు చూపిస్తే సగం తప్పులు ప్రయాణికులే పట్టుకునేవారు. అనౌన్స్‌మెంట్లో కూడా ప్లాట్‌ఫారం నంబరు పదిసార్లు చెబుతారు, ఇంజన్ తర్వాత ఏ బోగీ ఉందో చెప్పిన సందర్భాలు తక్కువ. దానికి కొత్త యంత్రాలేవీ అక్కర్లేదు, అతికించే ముక్క మరొకటి చాలు.

ఏదీ తేలలేదనుకోండి. బండి వచ్చేటప్పుడు ఇంజన్‌ని చూడటం మానేసి దాని వెనక వచ్చే నాలుగైదు పెట్టెలను చూడండి. కిటికీలకు ఇనుప కడ్డీలు అడ్డంగా ఉంటే జనరల్ లేదా స్లీపర్. పెద్ద మూసిన అద్దాలుంటే ఏసీ. మన వరుస ప్రకారం మొదట జనరల్, స్లీపర్ రావాలి. అలా కాకుండా ఇంజన్ వెనక జనరల్ తర్వాత వెంటనే మూసిన అద్దాలు వరుసకట్టాయంటే బండి తిరగబడింది. బండి ఆగేదాకా ఎదురుచూడకుండా అప్పుడే నడక మొదలుపెట్టాలి. ఎటు నడవాలి? S6 వాడు బండి వచ్చిన వైపుకి, అంటే తోక వైపుకి. A2 కోసం తోక దగ్గర నిలబడ్డవాడు బండి పోయే వైపుకి, ఇంజన్ వైపుకి. ఈ రెండూ కలిపి గుర్తుపెట్టుకోలేకపోతే మొత్తానికి ఒకటి కలిపి మన స్థానం తీసేసే లెక్క ముందే వేసి, చేతి మీద రాసుకున్నా తప్పు లేదు. అంచుకి దూరంగా, పసుపు గీత లోపలే నడవాలి.

సమయం చాలదనిపిస్తే సొంత కోచ్ కోసం చివరిదాకా నడవక్కర్లేదు. ముందు కనిపించిన రిజర్వేషన్ బోగీలో ఎక్కి లోపల నుంచి నడిచిపోవచ్చు, బోగీల మధ్య దారి ఉంటుంది. ఇక్కడ ఒక మెలిక ఉంది. జనరల్ బోగీలో ఎక్కితే జనం మధ్య నుంచి కదలడమే కష్టం, అక్కడి నుంచి రిజర్వేషన్ వైపుకి దారి తెరిచి ఉంటుందన్న నమ్మకం లేదు. రాత్రిపూట స్లీపర్, ఏసీ మధ్య తలుపులు మూసేసి ఉండవచ్చు. అందుకని ఎక్కేటప్పుడు మన తరగతి గుంపులోనే ఎక్కాలి. స్లీపర్ టికెట్ వాడు ఏదో ఒక స్లీపర్, త్రీ టైర్ ఏసీ వాడు ఏదో ఒక B బోగీ. S6 టికెట్టుతో S3 ఎక్కినా లోపల మూడు బోగీలు దాటితే చాలు. S6 టికెట్టుతో ఇంజన్ పక్క జనరల్లో ఎక్కితే మాత్రం తర్వాతి పెద్ద స్టేషన్‌లో దిగి మళ్ళీ ప్లాట్‌ఫారం మీద నడవాల్సి రావచ్చు. అక్కడ కూడా హాల్టు ఎంతసేపో ముందే చూసుకుని దిగాలి.